ఎంక్వైరీ రిపోర్టు ఇవ్వకుండా డిస్మిస్ చేస్తే: ఆ ఒక్క పాయింటు మీద తీర్పులు వెతకడం ఎలా?

ఒక ఉద్యోగి మీద శాఖాపరమైన విచారణ జరిగింది. ఆరోపణలు రుజువయ్యాయని విచారణాధికారి రిపోర్టు రాసి పై అధికారికి పంపాడు. ఆ అధికారి రిపోర్టు కాపీ ఉద్యోగికి చూపించకుండానే డిస్మిస్ ఆర్డరు చేతికిచ్చాడు. ఆ ఆర్డరు కోర్టులో నిలుస్తుందా?

సర్వీస్ కేసులు చూసే ఏ వకీలు ఆఫీసులోనైనా తరచూ వినిపించే ప్రశ్న ఇది. జవాబు తీర్పుల్లో ఉంది. కానీ ఆ తీర్పులు 1990కి ముందు ఒకలా, 1990లో ఒకలా, 1993 తర్వాత ఇంకోలా ఉన్నాయి. నా ప్రాక్టీసు మొదట్లో, తీర్పుల సారాన్ని విషయాలవారీగా కూర్చిన ఒక పాత డైజెస్ట్ తీసి, కాపీ ఇచ్చి తీరాలన్న 1990 నాటి రంజాన్ ఖాన్ తీర్పు దొరకగానే సంబరపడి, దాన్నే పట్టుకుని వాదనకు నిలబడ్డాను. "మరి ప్రిజుడిస్ సంగతేమిటి? మీ క్లయింటుకు జరిగిన నష్టమేమిటి?" అని జడ్జిగారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నేను తెరిచిన సంపుటం 1991తోనే ఆగిపోయింది. అప్పటి నుంచి వెతికే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"సహజ న్యాయ సూత్రాలు" అని వెతికితే వేల తీర్పులు వస్తాయి, వాటిలో మీకు పనికొచ్చేవి పది కూడా ఉండకపోవచ్చు. అందుకే కాగితం మీద ఇలా రాసుకోండి: విచారణ చేసిన అధికారి, శిక్ష వేసిన అధికారి వేర్వేరు వ్యక్తులైనప్పుడు, శిక్షకు ముందు రిపోర్టు కాపీ ఇవ్వకపోతే ఆ శిక్ష ఏమవుతుంది?

ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కాపీ పొందే హక్కు ఉందా అన్నది ఒకటి, ఇవ్వకపోతే ఫలితం ఏమిటన్నది రెండోది. మొదటి ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఈ రోజు గొడవంతా రెండోదాని మీదే.

పక్కనే ఉండే ఇంకో పాయింటును కూడా వేరు చేసుకోవాలి. విచారణాధికారి "రుజువు కాలేదు" అని రాస్తే, పై అధికారి దాంతో విభేదించి శిక్ష వేయడం వేరే సమస్య. దానికి పంజాబ్ నేషనల్ బ్యాంక్ వర్సెస్ కుంజ్ బిహారీ మిశ్రా, (1998) 7 ఎస్‌సీసీ 84 దగ్గర మొదలుపెట్టాలి. డైజెస్ట్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, కలిపేస్తే వాదన పలచబడుతుంది.

2. సూచికలో ఏ మాట కింద ఉంటుందో ఊహించండి

డైజెస్ట్ తయారుచేసినవాళ్లు మీరు అనుకున్న మాటనే వాడాలని ఏమీ లేదు. ఈ పాయింటు కనీసం నాలుగు చోట్ల దొరుకుతుంది: 'అడ్మినిస్ట్రేటివ్ లా – నేచురల్ జస్టిస్', 'సర్వీస్ లా – డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ', 'రాజ్యాంగం – ఆర్టికల్ 311(2)', ఫ్యాక్టరీ కార్మికుడి కేసైతే 'లేబర్ లా – డొమెస్టిక్ ఎంక్వైరీ'. ఒక్క శీర్షిక కింద చూసి ఊరుకుంటే సగం తీర్పులు తప్పిపోతాయి.

నిబంధన నంబరు ద్వారా ఐదో దారి కూడా ఉంది. కేంద్ర ఉద్యోగులకు క్రమశిక్షణ చర్యల గురించి చెప్పే 1965 నాటి సీసీఏ రూల్స్‌లో 15వ నిబంధన, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 1991 నాటి సీసీఏ రూల్స్‌లో 21వ నిబంధన విచారణ రిపోర్టు మీద తీసుకోవాల్సిన చర్య గురించి చెబుతాయి. డైజెస్ట్ చివర చట్టాల వారీ సూచిక ఉంటే ఆ నంబరు దగ్గర చూడండి. మాటలతో వెతికినప్పుడు పడని తీర్పులు అక్కడ పడతాయి.

స్పెల్లింగు సంగతి చిన్నదనిపిస్తుంది కానీ ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కొన్ని తీర్పుల్లో enquiry అని, కొన్నింటిలో inquiry అని ఉంటుంది. కాపీ "ఇవ్వకపోవడం" అన్నదానికి కూడా non-supply, non-furnishing అని రెండు వాడుకలున్నాయి. ఈ జాబితా ముందే రాసిపెట్టుకోండి.

3. అచ్చు డైజెస్ట్‌ను కొత్తదాని నుంచి పాతదానికి చూడండి

లైబ్రరీలో చాలామంది పెద్ద సంపుటాన్నే ముందు తీస్తారు. నేను ఈ ఏడాది సంపుటంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తాను. కారణం ఉంది: కొత్త తీర్పు తన ముందు వచ్చిన ముఖ్యమైన తీర్పులను తనే చెబుతుంది, పాత తీర్పు తన తర్వాత ఏమొచ్చిందో చెప్పలేదు.

ఒక ఎంట్రీని దగ్గరగా చూద్దాం. పైన గీతలతో విడదీసిన మాటల వరుస ఉంటుంది: సర్వీస్ లా – డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ – ఎంక్వైరీ రిపోర్టు – నాన్‌సప్లై – ప్రిజుడిస్. మీ పాయింటు అవునో కాదో ఈ వరుసే చెబుతుంది. కింద తీర్పు సారం, దాని చివర పేరా నంబరు, ఆపైన సైటేషన్ ఉంటాయి. వీటితోపాటు 'ఫాలోడ్', 'డిస్టింగ్విష్‌డ్', 'ఓవర్‌రూల్డ్' లాంటి చిన్న మాటలు కనిపిస్తాయి. నాకు సారం కన్నా ఈ మాటలే ముఖ్యం. ఏ తీర్పు ఇంకా బతికుందో చెప్పేవి అవే.

పేరా నంబరుతో ఒక చిక్కుంది. తీర్పులను అచ్చువేసే సంపుటాలనే రిపోర్టర్లు అంటాం; ఒకే తీర్పుకు ఏఐఆర్ అనే రిపోర్టర్‌లో ఒక నంబరింగు, ఎస్‌సీసీలో ఇంకో నంబరింగు ఉండొచ్చు. ఒక రిపోర్టర్ డైజెస్ట్‌లో చూసిన పేరా నంబరుతో ఇంకో రిపోర్టర్ సంపుటం తెరిస్తే వేరే సంగతి ఎదురవుతుంది. అందుకే పేరా నంబరు పక్కన ఏ రిపోర్టరో తప్పక రాసుకోండి.

కేసుల పేర్ల సూచికలో ఇంకో ఉచ్చు ఉంది. ఈ పాయింటు మీద కైలాష్ చందర్ ఆస్థానా (1988) అనే తీర్పు, కైలాష్ చంద్ర ఆహుజా (2008) అనే తీర్పు రెండూ ఉన్నాయి. మొదటిది రంజాన్ ఖాన్‌కు ముందుది, రెండోది ఈ పాయింటును తేల్చిన 1993 నాటి కరుణాకర్ తీర్పు తర్వాతది. హడావిడిలో ఒకదాని బదులు ఇంకోటి రాసుకునే అవకాశం చాలా ఎక్కువ.

4. కంప్యూటర్ మీద అదే వెతుకులాట

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటివి డబ్బు కట్టి వాడేవి. డబ్బు కట్టకుండా ఇండియన్ కానూన్‌లో, సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్‌లో వెతకొచ్చు. ఈ-ఎస్‌సీఆర్‌లో అధికారిక రిపోర్టులోని హెడ్‌నోట్ కూడా ఉంటుంది కాబట్టి అచ్చు డైజెస్ట్ దొరకని ఊళ్లో అది పెద్ద ఆసరా. ఇండియన్ కానూన్‌లో నేను టైపు చేసేది ఇది:

```
"inquiry report" ANDD prejudice doctypes: supremecourt
"enquiry report" ANDD prejudice doctypes: supremecourt
```

రెండింటినీ విడివిడిగా వెతకాలి. ANDD పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, కోట్ గుర్తులు మరచిపోతే మాటలు విడిపోయి జాబితా చెరువంత అవుతుంది. కొత్త తీర్పులు పైన రావాలంటే చివర ఇది చేర్చండి:

```
sortby: mostrecent
```

మొదటి పేజీలో వచ్చినవన్నీ తెరవక్కర్లేదు. నాలుగైదు తెరిచి, అన్నీ ఏ పాత తీర్పును ఉటంకిస్తున్నాయో చూడండి. ఈ పాయింటులో మళ్లీ మళ్లీ ఒకే పేరు వస్తుంది: మేనేజింగ్ డైరెక్టర్, ఈసీఐఎల్, హైదరాబాద్ వర్సెస్ బి. కరుణాకర్, (1993) 4 ఎస్‌సీసీ 727. మన హైదరాబాద్ సంస్థ పేరుతో వచ్చిన ఈ ఐదుగురు జడ్జీల తీర్పే ఈ పాయింటుకు మూల స్తంభం.

5. ఆ తీర్పును మొత్తం చదవండి

1976లో 42వ రాజ్యాంగ సవరణ, శిక్ష గురించి ఇచ్చే రెండో అవకాశాన్ని ఆర్టికల్ 311(2) నుంచి తీసేసింది. కాబట్టి ఇక రిపోర్టు కూడా ఇవ్వక్కర్లేదని ప్రభుత్వాలు వాదించాయి. ఇవ్వక్కర్లేదని ఆస్థానా తీర్పు ఒక దిక్కు, ఇవ్వాల్సిందేనని రంజాన్ ఖాన్ తీర్పు ఇంకో దిక్కు వెళ్లాయి. రెండూ ముగ్గురు జడ్జీలవే. ఆ తగవు తీర్చడానికే కరుణాకర్ కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది.

ఎస్‌సీసీలో 30, 31 పేరాలు నెమ్మదిగా చదవండి. రూల్స్‌లో రాసి ఉన్నా లేకపోయినా కాపీ ఇవ్వాలి. ఉద్యోగి అడగలేదు కాబట్టి హక్కు వదులుకున్నాడనడానికి లేదు. అయితే కాపీ ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతట అదే రద్దు కాదు. కోర్టు మొదట ఆ కాపీ ఉద్యోగికి అందేలా చూసి, అది ముందే అంది ఉంటే ఫలితం మారేదా అన్నది పరిశీలించాలి. మారేది కాదనిపిస్తే జోక్యం చేసుకోకూడదు. మారేదనిపించి ఆర్డరు కొట్టేసినా, రిపోర్టు ఇచ్చే దశ నుంచి విచారణ కొనసాగించే స్వేచ్ఛ యాజమాన్యానికి ఉంటుంది. పాత జీతం సంగతి చివర్లో తేలుతుంది.

జడ్జిగారు నన్నడిగిన "ప్రిజుడిస్" ఇదే. 'రిపోర్టు ఇవ్వకపోవడం సహజ న్యాయానికి విరుద్ధం' అనే ఒక్క లైను చదివి క్లయింటుకు "గెలుస్తాం" అని చెప్పేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. ఆ లైను తప్పు కాదు, కానీ కేసు తేలేది దాని తర్వాతి పేరాలో.

తేదీ కూడా చూడండి. కాపీ ఇచ్చి తీరాలన్న సూత్రం రంజాన్ ఖాన్ తీర్పు రోజు, అంటే 20-11-1990, తర్వాతి శిక్షలకే వర్తిస్తుందని కరుణాకర్ తీర్పు స్థిరపరిచింది.

6. అక్కడి నుంచి ముందుకు రండి

ఇండియన్ కానూన్‌లో తీర్పు పైన Cited by అనే లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే తర్వాత ఆ తీర్పును ఉటంకించినవన్నీ వస్తాయి. కరుణాకర్‌కు ఆ జాబితా చాలా పొడవు, అందుకని దాంతోపాటు prejudice అనే మాట చేర్చి వడగట్టాలి. అలా వెళ్తేనే హర్యానా ఫైనాన్షియల్ కార్పొరేషన్ వర్సెస్ కైలాష్ చంద్ర ఆహుజా, (2008) 9 ఎస్‌సీసీ 31 దొరుకుతుంది. నష్టం జరిగిందని చూపించాల్సిన బాధ్యత ఉద్యోగిదేనని అది గట్టిగా చెప్పింది.

ఒక జాగ్రత్త: Cited by అంటే ఉటంకించారని మాత్రమే, ఒప్పుకున్నారని కాదు. అది అనుసరించిందా, వేరుచేసి పక్కన పెట్టిందా అన్నది తెరిచి చదివితేనే తెలుస్తుంది.

7. మన హైకోర్టు ఏమంది?

ఇక్కడ మన హైకోర్టు తీర్పులను అచ్చువేసే ఏఎల్‌టీ, ఏఎల్‌డీ రిపోర్టర్ల సూచికలు పనికొస్తాయి. 2019 జనవరి 1న హైకోర్టులు వేరుపడ్డాయి కాబట్టి తీర్పు ఉమ్మడి హైకోర్టుదా, తెలంగాణదా, ఆంధ్రప్రదేశ్‌దా అని గుర్తుపెట్టుకోండి. సైటేషన్ చివర డీబీ, ఎఫ్‌బీ అని ఉంటే డివిజన్ బెంచి, ఫుల్ బెంచి అని అర్థం. ఎదురుగా సింగిల్ జడ్జి తీర్పు మాత్రమే ఉంటే డివిజన్ బెంచిదే పైచేయి. మీ కేసు ఫ్యాక్ట్స్‌కు దగ్గరగా ఉండే తీర్పు సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

8. ఎక్కడ ఆపాలి?

కొత్తగా తెరిచిన మూడు నాలుగు తీర్పులు మీ దగ్గర ఇప్పటికే ఉన్న పేర్లనే చెబుతుంటే ఆపేయొచ్చు. కొత్త పేరు వస్తే ఇంకో రౌండు వెతకాలి. ఆపాక ఒక్కో తీర్పుకు నోట్ రాసుకోండి. నా ఫైల్లో కరుణాకర్ నోట్ ఇలా ఉంది: "ఐదుగురు జడ్జీలు, 1-10-1993. ఎస్‌సీసీ పేరా 30, 31. హక్కు ఉంది, రద్దు ఆటోమేటిక్ కాదు. 2008 ఆహుజా కూడా ఇదే మాట. క్లయింటును అడగాలి: రిపోర్టు ముందే చేతికొచ్చి ఉంటే ఏ సాక్షి మాటను, ఏ కాగితాన్ని కాదనేవాడు?"