చెప్పకుండా చూపించడం - 4వ పాఠం: పళ్ళు కొరకడం ఆపండి

పోయిన పాఠంలో ‘నాన్నకు కోపం వచ్చింది’ అన్న వాక్యం ఇచ్చి, కోపం అనే మాట లేకుండా తిరగరాయమన్నాను. మాట తీసేశారు, బాగానే ఉంది. కానీ దాని జాగాలో దాదాపు అందరూ ఒకటే పెట్టారు: ‘నాన్న కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళు పటపట కొరికాడు.’ ఇందులో సగం తప్పు నాది. మనసులోది ఒంటి మీద ఎలా కనిపిస్తుందో రాయమని చెప్పింది నేనే. కాబట్టి ఈ వారం కొత్త పాఠం లేదు, ఇదే సరిచేద్దాం.

పళ్ళు కొరకడం, గుండె దడదడలాడటం, ముచ్చెమటలు పట్టడం, ముఖం వాడిపోవడం, కళ్ళు చెమర్చడం ఇవన్నీ మన భాషలో ఎప్పుడో అరిగిపోయిన మాటలు. ‘కళ్ళు ఎర్రబడ్డాయి’ అని చదివినవాడికి ఏ కళ్ళూ కనిపించవు, ‘ఓహో, కోపం’ అని అర్థం చేసుకుని ముందుకెళ్ళిపోతాడు. అంటే మీరు చూపించలేదు, వేరే మాటలతో చెప్పారు, అంతే.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటే. వాక్యంలో మనిషిని మార్చి చూడండి. నాన్నను తీసేసి పోలీసునో, పెళ్ళికూతురినో, పక్కింటి అవ్వనో పెట్టండి. అయినా వాక్యం చక్కగా అతికితే అది ఎవరిదీ కాదు, కొట్టేయండి.

ఇప్పుడు ఒక వాక్యాన్ని మొదటినుంచీ చేసి చూద్దాం. చిత్తూరు వైపు తోతాపురి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరడం మీలో చాలామంది చూసే ఉంటారు.

చప్పటి వాక్యం: ‘క్యూలో ఉన్న రైతు దిగులుగా ఉన్నాడు.’

ముందు ‘దిగులుగా’ కింద గీత గీయండి. తర్వాత, ఎందుకు దిగులు? ఆలస్యమయ్యేకొద్దీ ట్రాలీలో కాయ మెత్తబడుతుంది, అడుగున ఉన్నది ముందు పోతుంది. ఈ కారణం దొరక్కుండా కలం ఎత్తొద్దు. ఆ తర్వాత అతని చేతికి అందేవి రాసుకోండి: టార్పాలిను, తాడు, టోకెన్ చీటీ, సెల్‌ఫోను, కాయలు. వీటిలో ఒకదానితో, దిగులు లేని మనిషి చెయ్యని పని ఏదో అతని చేత చేయించండి.

‘ట్రాలీ వెనక పలక సందులోంచి రసం చుక్కచుక్కగా రోడ్డు మీదికి కారుతోంది. అతను టార్పాలిను కొస ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగున ఉన్న కాయను ఒత్తాడు. వేలు దిగబడింది. చెయ్యి లుంగీకి తుడుచుకుని ముందున్న బండ్లు మళ్ళీ లెక్కపెట్టాడు.

“ముప్పై ఎనిమిది.”

“పొద్దున కూడా అంతే గదన్నా ఉండింది,” అన్నాడు డ్రైవరు.’

ముఖం గురించి ఒక్క మాట లేదు. ‘మళ్ళీ’ అన్న చిన్న మాట, అంతకుముందు కూడా లెక్కపెట్టాడని చెబుతోంది. దిగబడిన వేలు నష్టాన్ని చెబుతోంది. ఇక్కడ పెళ్ళికూతురిని పెట్టి చూడండి, అతకదు.

దీని చివర ‘పాపం, అతనికి ఎంతో బాధగా ఉంది’ అని తోక తగిలించాలని చెయ్యి దురద పెడుతుంది. తగిలించొద్దు. చదివేవాడు కనిపెట్టిన దాన్ని మీరు లాక్కున్నట్టవుతుంది.

‘గా’తో ముగిసే మాటలన్నీ కొట్టేయాలా అని కొందరు అడిగారు. అక్కర్లేదు. పైన ‘చుక్కచుక్కగా’ నేనే వాడాను, అది కంటికి కనిపించేది. దిగులుగా, కోపంగా, భయంగా లాంటి మనసు మాటలతోనే పేచీ.

ఇంత పెద్దగా రాయాలనీ లేదు. ‘కొండ మీద చలిగా ఉంది’ అన్నదానికి ఒక్క వాక్యం చాలు: ‘గుండు చేయించుకున్న పిల్లాడు అమ్మ కొంగు లాక్కుని నెత్తిన కప్పుకున్నాడు.’ ఇక ‘మర్నాడు తిరుపతికి పోయాడు’ లాంటివి అలాగే వదిలేయండి. కథలో అక్కడ ఏమీ జరగనప్పుడు బస్సు కిటికీ, టికెట్టు, కండక్టరు ఈల ఎందుకు?

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే. ఒక అమ్మాయి స్టీలు టిఫిన్ క్యారియర్ మూత పెడుతోంది. అదే అమ్మాయి, అదే క్యారియర్, మూడుసార్లు రాయండి: ఒకసారి కోపంతో, ఒకసారి సిగ్గుతో, ఒకసారి భయంతో. ఒక్కోటి నాలుగు వాక్యాలు దాటకూడదు. మెడకు పైనున్న ఏ అవయవం పేరూ రాకూడదు. ఏడుపు, అరుపు, నిట్టూర్పు కూడా వద్దు. మూడూ వరస మార్చి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి, ఏది ఏదో వాళ్ళే చెప్పాలి. కోపానికీ భయానికీ తేడా తెలియలేదంటే మీరు కారణం రాసుకోకుండానే మూత పెట్టించారన్నమాట. డబ్బాలో ఏముందో, అది ఎవరికోసమో ముందు తేల్చుకుని మళ్ళీ రాయండి.