రాత్రి సున్నా, పగలు ముప్ఫై ఐదు: స్టీల్ టైమ్‌తో నా అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని ఒక మిర్చి అడ్తి దుకాణానికి నేను నడిపే బిల్లింగ్ సర్వర్, ఒకే వర్చువల్ సీపీయూ ఉన్న అద్దె యంత్రం, ఉదయం వేలం ముగిసి తక్‌పట్టీలు ముద్రించే వేళకే మందగించేది. top కమాండ్‌లో చూస్తే మా ప్రోగ్రామ్ వాడకం పెరగలేదు కానీ, స్టీల్ శాతాన్ని చూపే st మాత్రం 20 దాటింది. మన సీపీయూకు పని సిద్ధంగా ఉన్నా, హోస్ట్, అంటే మనలాంటి వర్చువల్ యంత్రాలెన్నింటినో నడిపే అసలు కంప్యూటర్, తన సీపీయూను ఇవ్వక నిలబెట్టిన సమయమే స్టీల్. ఖాళీగా ఉన్న యంత్రం సీపీయూను అడగదు కనుక, హోస్ట్ ఎంత కిక్కిరిసినా అందులో st సున్నాకు దగ్గరగానే కనిపిస్తుంది. నేను మొదట మోసపోయింది అక్కడే. అందుకని కావాలనే భారం పెట్టి కొలిచాను.

```
timeout 60 sh -c 'while :; do :; done' &
vmstat 5 12
```

మొదటి వరుస యంత్రం మొదలైనప్పటి నుంచి సగటు కాబట్టి దాన్ని వదిలేయాలి. రాత్రి రెండింటికి st 0 లేదా 1, పగలు పదకొండుకు 35 వచ్చింది. యంత్రాన్ని అద్దెకిచ్చిన సంస్థ మన వాటాకే పరిమితి విధించి ఉంటే, ఇదే భారానికి రాత్రి కూడా దాదాపు అంతే రావాలి; ఖాళీగా ఉన్నప్పుడు కూడబెట్టిన సీపీయూ సమయాన్ని పని పడినప్పుడు ఖర్చు చేసే క్రెడిట్ల పద్ధతిలోనైతే, కాసేపు బాగా నడిచి క్రెడిట్లు అయిపోయాక st పెరిగి అక్కడే నిలుస్తుంది. గడియారాన్ని బట్టి ఇలా ఎగుడుదిగుడుగా మారిందంటే, పక్క యంత్రాల పోటీయే, అంటే హోస్ట్ మీద తాహతుకు మించి అమ్మకమే కారణమని తేల్చుకున్నాను. మూడు రోజుల అంకెలు పంపి వేరే హోస్ట్‌కు మార్పించుకున్నాక, అదే పరీక్షలో పగలు కూడా st 1 దాటలేదు.