బిట్ బ్యాంకును ఎలా సరిచూడాలి? జవాబు బయటపెట్టే ఆప్షన్లు, రెండు సరైన జవాబులు, మెలిక మాటలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల స్థానిక అంశాలపై మాక్ టెస్ట్ కోసం 100 బిట్లు సిద్ధం చేశారనుకుందాం. ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, కీ కూడా రాసి ఉంది. దీన్ని సరిచూసేటప్పుడు చాలామంది మొదట చేసే పొరపాటు కీ పక్కన పెట్టుకుని చదవడం. జవాబు 2 అని కంట పడ్డాక మెదడు 2కే సాక్ష్యాలు వెతుకుతుంది, 1 కూడా సరైనదే కావచ్చన్న ఆలోచన రాదు. అందుకే కీ ఉన్న కాలమ్‌ను దాచిపెట్టి పని మొదలుపెట్టండి. వీలైతే ఆ బిట్లు రాసినవారు కాక మరొకరు చూడాలి.

మొదట ఆప్షన్లు మాత్రమే చూడండి

ప్రశ్నలను కూడా దాచి, ఉత్త ఆప్షన్లను ఇద్దరికో ముగ్గురికో ఇచ్చి, ఏది జవాబు అయ్యుంటుందో ఊహించమనండి. ప్రశ్న తెలియనప్పుడు గుడ్డిగా పెడితే 100లో సుమారు 25 సరిపోతాయి. అదృష్టం కలిసొస్తే 33, 34 దాకా రావచ్చు. అంతకంటే బాగా ఎక్కువ వస్తే, ఉదాహరణకు 45 వస్తే, ఆప్షన్ల రూపమే జవాబు చెప్పేస్తోందని అర్థం. చాలాసార్లు దానికి కారణం పొడవు. ఈ బిట్ చూడండి:

శ్రీకాళహస్తి కలంకారీ ప్రత్యేకత ఏమిటి?
1) అచ్చులతో అద్దడం
2) వెదురు కలంతో గుడ్డ మీద చేత్తో బొమ్మలు గీసి, సహజమైన రంగులు నింపడం
3) జరీ నేత
4) దారంతో కుట్టడం

కలంకారీ గురించి ఏమీ తెలియనివారు కూడా 2 పెడతారు. రాసినవారు సరైన జవాబుకు ఎవరూ అభ్యంతరం చెప్పకూడదని వివరాలు పేర్చుకుంటూ పోతారు, తప్పు ఆప్షన్లను మాత్రం రెండు మాటల్లో ముగిస్తారు. దీన్ని ‘కలంతో గీయడం’ అని కుదిస్తే పొడవు సరిపోతుంది కానీ ఇంకో చిక్కు మిగులుతుంది. కలంకారీ అన్న పేరులోనే కలం ఉంది కాబట్టి ప్రశ్నలోని మాట ఆప్షన్‌లో ప్రతిధ్వనిస్తుంది. ‘చేత్తో బొమ్మ గీయడం’ అని రాస్తే రెండు చిక్కులూ పోతాయి. అచ్చులతో అద్దడాన్ని మాత్రం తీయకండి. మచిలీపట్నం వైపు కలంకారీలో చెక్క అచ్చులు వాడతారు కాబట్టి, ఆ తేడా తెలియనివారు నిజంగానే ఆ ఆప్షన్ వైపు మొగ్గుతారు. మంచి తప్పు ఆప్షన్ అంటే అలాంటిదే.

బ్యాంకు మొత్తంలో పొడవు సంగతి తేల్చడానికి ఎక్సెల్ చాలు. ఆప్షన్లు C నుంచి F వరకు, కీ అంకె G కాలమ్‌లో ఉంటే, H2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=LEN(INDEX(C2:F2,G2))=MAX(LEN(C2),LEN(D2),LEN(E2),LEN(F2))
```

ఆపైన లెక్క:

```
=COUNTIF(H2:H101,TRUE)
```

ఇది 25కు దగ్గరగా ఉండాలి. సమాన పొడవున్నవి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. 50 దాటితే TRUE వచ్చిన బిట్లన్నీ మళ్ళీ చదవాలి. తెలుగులో ఒక జాగ్రత్త అవసరం: LEN మన కంటికి కనిపించే అక్షరాలను కాదు, గుణింతాలను, పొల్లును కూడా విడివిడిగా లెక్కపెడుతుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే, దానికి ఆరు. అందువల్ల ఒత్తులు ఎక్కువున్న మాట ఉన్నదానికంటే పొడవుగా లెక్కకు వస్తుంది. ఫార్ములా అనుమానాన్ని మాత్రమే చూపుతుంది, తీర్పు కంటితోనే చెప్పాలి.

ఇదే షీట్‌లో కీ అంకెలు కూడా లెక్కపెట్టండి. ఒక్కో అంకె 16 నుంచి 34 సార్ల మధ్య వస్తే అనుమానించాల్సిన పని లేదు.

తెలుగు వ్యాకరణమే జవాబు చెప్పేస్తే

వ్యాకరణం జవాబు చెప్పేయకూడదని ఇంగ్లిషు బిట్లకు రాసిన సూత్రాలలోనూ ఉంది, మన బిట్లలో ఇది విభక్తుల రూపంలో వస్తుంది. ఈ ఖాళీ చూడండి:

విజయనగర పాలకులు పెనుగొండ తర్వాత రాజధానిని ____కి మార్చారు.
1) చిత్తూరు 2) పుత్తూరు 3) చంద్రగిరి 4) పలమనేరు

రాతలో ఇకారంతో ముగిసే మాటకు ‘కి’, మిగతావాటికి ‘కు’ చేరుతాయి. చిత్తూరుకు, పుత్తూరుకు, పలమనేరుకు అంటాం, చంద్రగిరికి అంటాం. చరిత్ర తెలియకపోయినా చెవి చెప్పేస్తుంది. ‘ని, ను’ల విషయంలోనూ ఇంతే. ఖాళీకి విభక్తి అంటించకుండా ‘పెనుగొండ తర్వాత విజయనగర రాజధాని అయినది ఏది?’ అని అడిగితే సరిపోతుంది. ప్రశ్న చివర ‘ఎవరు రచించాడు’ అని ఉండి ఆప్షన్లలో ఒక్క పురుషుడే ఉన్నా, ‘ఏవి’ అని ఉండి ఒక్క ఆప్షన్ మాత్రమే బహువచనంలో ఉన్నా తప్పు ఇదే.

రెండు సరైన జవాబులు

ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. బిట్‌ను బిట్‌గా చదివితే ఈ తప్పు దొరకదు. ప్రతి ఆప్షన్‌ను ప్రశ్నతో కలిపి పూర్తి వాక్యంగా రాసి, నాలుగింటిని విడివిడిగా ‘నిజమా, కాదా’ అని తేల్చాలి. ఉదాహరణకు:

స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న పట్టణం ఏది?
1) చంద్రగిరి 2) శ్రీకాళహస్తి 3) చిత్తూరు 4) మదనపల్లె

కీలో 2 ఉంది. రాసినవారి మనసులో గుడి ఉంది కాబట్టి వేరే ఊరు తోచలేదు. ఇప్పుడు నాలుగు వాక్యాలు రాయండి. ‘చంద్రగిరి స్వర్ణముఖి ఒడ్డున ఉంది’ అన్నది నిజం. ‘శ్రీకాళహస్తి స్వర్ణముఖి ఒడ్డున ఉంది’ అన్నదీ నిజమే. చిత్తూరు నీవా నది ఒడ్డున ఉంది. మదనపల్లె స్వర్ణముఖి మీద లేదు. సరైనవి రెండు తేలాయి కాబట్టి 1 పెట్టిన విద్యార్థికి మార్కు పోవడం అన్యాయం.

బాగు చేయడానికి రెండు దారులున్నాయి. ‘స్వర్ణముఖి ఒడ్డున ఉన్న వాయులింగ క్షేత్రం ఏది?’ అని ప్రశ్నను బిగించవచ్చు. కానీ అప్పుడు నది పేరు అలంకారంగా మిగిలిపోతుంది, పరీక్షించేది పంచభూత లింగాల జ్ఞానాన్ని. నదులే అడగాలనుకుంటే రెండో దారే మేలు: చంద్రగిరిని తీసి కాణిపాకం పెట్టండి. అది బాహుదా ఒడ్డున ఉంది కాబట్టి తప్పని ఖాయం, పైగా పేరున్న గుడి ఉన్న ఊరు కాబట్టి నమ్మదగ్గ ఆప్షన్ అవుతుంది. అప్పుడు ‘పట్టణం’ బదులు ‘ఊరు’ అని మార్చాలి, లేదంటే కాణిపాకం పట్టణం కాదు కదా అని కొట్టేస్తారు.

రెండు జవాబులకు ఇంకో కారణం కాలం. ‘శ్రీకాళహస్తి ఏ జిల్లాలో ఉంది?’ అన్న బిట్‌కు 2022 ఏప్రిల్ 4కు ముందు జవాబు చిత్తూరు. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లా అయింది. పాత పుస్తకాల నుంచి ఎత్తిన బిట్లలో చిత్తూరే కీగా ఉంటుంది, పక్కనే తిరుపతి కూడా ఆప్షన్‌గా ఉంటుంది. జిల్లా, మండలం, పదవి, ‘ప్రస్తుతం’, ‘అత్యంత’ అన్న మాటలను షీట్‌లో వెతికి, దొరికిన ప్రతి బిట్‌కూ తేదీ చేర్చండి: ‘2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాల్లో శ్రీకాళహస్తి ఏ జిల్లాలో చేరింది?’ కీ పక్కన ఆధారం, పేజీ, సరిచూసిన తేదీ రాసుకునే కాలమ్ ఒకటి ఉండాలి.

మెలిక మాటలు

తెలుగులో వ్యతిరేకార్థం మాట చివర చిన్న గుణింతంలో దాగుతుంది. ‘సప్తగిరులకు చెందినది ఏది?’, ‘సప్తగిరులకు చెందనిది ఏది?’ రెండింటినీ వేగంగా చదివి చూడండి. గుణింతపు గుడి ఏ అక్షరం మీద ఉందో అన్నదే తేడా. విషయం తెలిసిన విద్యార్థి కూడా మార్కు పోగొట్టుకుంటాడు, కంపోజింగ్‌లో గుణింతం జారినా కీ తలకిందులవుతుంది. ‘కిందివాటిలో మూడు సప్తగిరుల పేర్లు. సప్తగిరుల్లో లేని పేరు ఏది?’ అని రాస్తే వ్యతిరేకం ఒక విడి మాటగా కంటికి కనబడుతుంది. ‘సరికానిది కానిది’ లాంటి జంట వ్యతిరేకాలను బాగు చేయాలని చూడకండి. తీసేసి కొత్తగా రాయండి.

‘మాత్రమే’, ‘ఎప్పుడూ’, ‘ఏ ఒక్కటీ’ అన్న మాటలు ఎక్కువగా తప్పు ఆప్షన్లలో పెడుతుంటారు కాబట్టి విద్యార్థులు వాటిని చూడగానే కొట్టేస్తారు. ‘పైవన్నీ’ ఉన్న బిట్‌లో రెండు ఆప్షన్లు సరైనవని తెలిస్తే చాలు, మూడోది తెలియకుండానే మార్కు వస్తుంది. నాకైతే మాక్ టెస్ట్‌లో ఈ ఆప్షన్ అక్కర్లేదనిపిస్తుంది.

పరీక్ష పెట్టాక మళ్ళీ చూడాలి

చేతితో సరిచూసినవాటిలోనూ కొన్ని జారతాయి, అవి జవాబు పత్రాల్లో బయటపడతాయి. 60 మంది రాశారనుకుందాం. మొత్తం మార్కుల వరుసలో పైన ఉన్న 20 మంది, కింద ఉన్న 20 మంది ప్రతి బిట్‌కు ఏ ఆప్షన్ పెట్టారో లెక్కపెట్టండి. పై 20 మందిలో 9 మంది 1, 10 మంది 2 పెడితే బిట్ కష్టమైందని అనుకోవద్దు, చాలావరకు రెండూ సరైనవే. పైవారి కంటే కిందివారే సరిగ్గా ఎక్కువగా పెడితే కీ తప్పు, లేదా మెలిక మాట. మొత్తం 60 మందిలో ఎవరూ ముట్టని ఆప్షన్ ఉంటే అది ఉండీ లేనట్టే, మార్చాలి. 60 మంది చిన్న సంఖ్య కాబట్టి ఒకరిద్దరి తేడాలను పట్టించుకోవద్దు, స్పష్టంగా కనబడేవాటినే వెనక్కి తీయండి.

మార్చిన ప్రతి బిట్ కొత్త బిట్ కిందే లెక్క. కాణిపాకం పెట్టాక ‘పట్టణం’ చిక్కు వచ్చినట్టు, ఒక తప్పు దిద్దితే ఇంకోటి పుడుతుంది. కాబట్టి దాన్ని మళ్ళీ కీ దాచి మొదటి నుంచి చూడండి, షీట్‌లో పాత రూపం చెరపకుండా పక్కన ఉంచండి.