ఆప్షన్ల పాఠాలు – 6: కాల్‌కూ పుట్‌కూ మధ్య ఉన్న లంకె

పోయిన వారం కాల్ అంటే స్ట్రైక్ ధరకు కొనే హక్కు, పుట్ అంటే ఆ ధరకు అమ్మే హక్కు అని విడివిడిగా చూశాం. ఈ వారం రెండింటినీ పక్కపక్కన పెడదాం. అలిపిరి దగ్గర మొబైల్ షాపు నడిపే తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, పుట్ రేటు తప్పుగా ఉంది, ఊరికే వచ్చే దుడ్డు కదన్నా ఇది?" అన్నాడు. వాడి లెక్కతోనే పాఠం మొదలుపెడతాను. అంకెలు మాత్రం సులువుగా ఉండేలా మార్చాను.

నిఫ్టీ 24,050 దగ్గర ఉంది. 24,000 స్ట్రైక్, ఎక్స్‌పైరీకి 30 రోజులు, వడ్డీ ఏడాదికి 6 శాతం. ఈ వడ్డీకి ఇవాళ 23,882 రూపాయలు పక్కన పెడితే 30 రోజులకు 24,000 అవుతాయి.

ఇప్పుడు రెండు సంచులు అనుకోండి. మొదటి సంచిలో ఒక కాల్, ఆ 23,882 రూపాయల డిపాజిట్. రెండో దానిలో ఒక పుట్, నిఫ్టీ మొత్తాన్ని కొన్నట్టు ఒక యూనిట్. ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ 24,600కి చేరితే మొదటి సంచిలో డిపాజిట్ 24,000, కాల్ మీద 600 వస్తాయి. రెండో సంచిలో పుట్ సున్నా, నిఫ్టీ 24,600. అదే 23,500కి పడితే మొదటి దానిలో కాల్ సున్నా, డిపాజిట్ 24,000. రెండో దానిలో నిఫ్టీ 23,500, పుట్ మీద 500, కలిపి 24,000. మార్కెట్ ఎటు పోయినా రెండు సంచుల్లో ఒకటే మొత్తం. మరి ఇవాళ వాటి ఖరీదు వేరుగా ఎందుకుండాలి? కింద C కాల్ ధర, P పుట్ ధర, S ఇవాళ్టి నిఫ్టీ, K స్ట్రైక్, r ఏడాది వడ్డీ, T ఎక్స్‌పైరీకి మిగిలిన కాలం ఏడాదిలో ఎంత భాగమో అది:

```
C + K/(1 + r*T) = P + S
C - P = S - K/(1 + r*T)
```

కుడివైపు 24,050లోంచి 23,882 తీసేస్తే 168. అంటే కాల్ 470 ఉంటే పుట్ 302 దగ్గర ఉండాలి. మార్కెట్ పెరుగుతుందా, ఎంత ఊగుతుంది అన్న ప్రశ్నే ఇందులో లేదు చూడండి. భయం పెరిగితే రెండు ప్రీమియంలూ పెరుగుతాయి, తేడా మాత్రం అక్కడే ఉంటుంది. వడ్డీ పెరిగితే తేడా కూడా పెరుగుతుంది.

మన తమ్ముడి స్క్రీన్ మీద పుట్ 340 ఉంది. తేడా 168 కాదు, 130. ఆ 38 పాయింట్లే వాడు దుడ్డు అనుకున్నది.

ముందు నేను అడిగింది, "LTP చూశావా, బిడ్, ఆస్క్ చూశావా?" అని. LTP అంటే చివరిసారి జరిగిన బేరం, అది పది నిమిషాల కిందటిది కూడా కావచ్చు. వాడు అమ్మే ధర, కొనే ధర చూసి చెప్పాడు. రెండూ దగ్గరే, 340 నిజమే. అయితే అసలు సంగతి వేరే చోట ఉంది. అదే ఎక్స్‌పైరీ నిఫ్టీ ఫ్యూచర్స్ ఎంతో చూడమన్నాను. 24,131. వడ్డీ ఒక్కటే కలిపితే అది 24,168 దగ్గర ఉండాలి.

తగ్గింది డివిడెండ్ వల్ల. పైన రెండో సంచిలో నిఫ్టీ కంపెనీల షేర్లు పట్టుకున్నవాడికి ఆ నెల డివిడెండ్లు అందుతాయి, మొదటి సంచివాడికి అందవు. మనం చూసే నిఫ్టీ సూచీలో మామూలు డివిడెండ్లను కలపరు, షేరు ఎక్స్-డివిడెండ్ అయిన రోజు సూచీ ఆ మేరకు తగ్గుతుంది. మే నుంచి ఆగస్టు దాకా చాలా కంపెనీలు ఇచ్చేది అప్పుడే. అందుకే స్పాట్ బదులు ఫ్యూచర్స్‌తో సరిచూడటం మేలు, F అంటే ఫ్యూచర్స్ ధర:

```
C - P = (F - K)/(1 + r*T)
```

24,131లోంచి 24,000 తీస్తే 131, ఇవాళ్టి విలువకు తెస్తే 130. పుట్ సరిగ్గానే ఉంది. తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిజంగానే నాలుగైదు పాయింట్ల తేడా కనబడినా తొందరపడొద్దు. దామలచెరువు మండీలో తోతాపురి రేటు తిరుపతి కంటే తక్కువుందని లారీ కట్టుకుని పోతామా? బాడుగ, కూలీ మించితేనే పోతాం. ఇక్కడ బాడుగ అంటే బ్రోకరేజీ, ఎస్‌టీటీ, బిడ్-ఆస్క్ గ్యాప్. పుట్ అమ్మి, కాల్ కొని, ఫ్యూచర్స్ అమ్మాలంటే మార్జిన్ కూడా కావాలి.

ఇంకొక జాగ్రత్త. మన ఎన్‌ఎస్‌ఈ నిఫ్టీ ఆప్షన్లు యూరోపియన్ రకం, ఎక్స్‌పైరీ రోజే తేలతాయి. ముందే వాడుకోగలిగే అమెరికన్ రకానికి ఈ సమీకరణం ఇంత ఖచ్చితంగా పనిచేయదు.

వచ్చే వారానికి ఒక లెక్క: ఫ్యూచర్స్ అదే 24,131, రోజులూ వడ్డీ అవే. 24,200 స్ట్రైక్ కాల్ 366 ఉంది. పుట్ ఎంత ఉండాలి? స్ట్రైక్ ఫ్యూచర్స్ కంటే పైనుంది కాబట్టి ఈసారి తేడా మైనస్‌లో వస్తుంది, కంగారు పడకండి.