గోడ పగుళ్లు చదవడం – 3వ పాఠం: ఫొటోలో వెడల్పు, వాలు

పోయిన పాఠంలో పూత మీద మాత్రమే కనిపించే సన్నటి అల్లిబిల్లి గీతలను పక్కన పెట్టేశాం. ఈసారి ఇటుక దాకా దిగిన పగులు. మేస్త్రీ చేత పూయిస్తే సరిపోతుందా, ఇంజనీర్‌ను పిలవాలా అన్నది ఫొటో చూసి ఎంతవరకు తేల్చుకోవచ్చో చూద్దాం.

ముందు ఫొటో సరిగ్గా ఉండాలి. పక్కన కొలత లేని ఫొటోలో 1 మి.మీ. పగులు కూడా భయపెడుతుంది. ఏటీఎం కార్డును టేపుతో గోడకు ఆనించి అంటించండి. దాని పొడవు 85.6 మి.మీ., అన్ని బ్యాంకులదీ ఒకటే. కార్డు పొడవు పగులుకు అడ్డంగా రావాలి. ఫోను గోడకు ఎదురుగా, పగులు ఎత్తులోనే పట్టుకోవాలి. కార్డు మీది నంబరు కనిపించకుండా వెనక్కి తిప్పి, వెనక సీవీవీ గానీ నంబరు గానీ ఉంటే దాని మీద కాగితం ముక్క అంటించండి. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

ఇప్పుడు ఒక ఫొటో తీసుకుందాం. ఆదోని వైపు నల్లరేగడి నేలలో కట్టిన ఒక అంతస్తు ఇల్లు. పిల్లర్లు లేవు, గోడల మీదే స్లాబు. మే నెలలో తీశారు. కిటికీ పై మూల నుంచి బయలుదేరిన పగులు ఏటవాలుగా ఎక్కుతూ ఇంటి ఈశాన్యం మూల వైపు, స్లాబు దాకా వెళ్లింది. కంప్యూటర్ తెర మీద ఫొటోను పెద్దది చేసి స్కేలు పెడితే కార్డు 257 మి.మీ. ఉంది, అంటే మూడింతలు. స్లాబు దగ్గర పగులు తెర మీద 12 మి.మీ., కిటికీ దగ్గర 3 మి.మీ. అసలు వెడల్పు పైన 4, కింద 1. అర మి.మీ. అటూ ఇటూ అవుతుందనుకోండి. పూత పెచ్చు ఊడిన చోట మాత్రం కొలవకూడదు. రెండు అంచులూ ఒకదానికొకటి అతికేలా ఉన్న చోటే అసలు వెడల్పు దొరుకుతుంది.

ఇటుక గోడలకు బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ చేసిన వర్గీకరణ ప్రకారం 5 మి.మీ. వరకు నష్టం స్వల్పమే. 5 నుంచి 15 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఆ లెక్కన మన 4 మి.మీ. పగులు గట్టెక్కినట్టే కనిపిస్తుంది. కానీ వెడల్పు ఒక్కటే చూసి వదిలేస్తే పొరపాటే.

ఈ పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంది. గోడ చివర కిందికి దిగుతూ బయటికి ఒరిగితే పగులు ఇలా తెరుచుకుంటుంది. గోడ నడుమ కుంగితే దీనికి తిరగబడి, కింద వెడల్పు ఎక్కువ ఉంటుంది. ఏటవాలు పగులు ఎక్కుతూ ఏ మూల వైపు పోతుందో, సాధారణంగా ఆ మూలే దిగుతోందని అర్థం. ఇక్కడ రెండు గుర్తులూ ఈశాన్యం మూలనే చూపిస్తున్నాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలు బారుతుంది. ఇంటి కింద నేల కంటే చుట్టూ ఉన్న నేల ముందు ఎండుతుంది కాబట్టి మూలలు దిగుతాయి. ఆ పక్కన పెద్ద వేపచెట్టు ఉంటే వేళ్లు ఇంకా నీరు లాగేస్తాయి. అందుకే మేలో తెరుచుకున్న పగులు వానల తర్వాత కొంత మూసుకోవచ్చు. ఎండాకాలంలో సిమెంటు కూరి లప్పం పెట్టి రంగు వేసినా, మళ్లీ అక్కడే చీలడానికి కారణం ఇదే.

ఇదే ఇంట్లో స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా 1 మి.మీ. గీత ఉంటే? నేరుగా ఎండ తగిలే స్లాబు కింద అది మామూలే. మన ఎండకు స్లాబు సాగి ముడుచుకునేటప్పుడు గోడతో విడిపడిన గీత. వాన నీరు దిగకుండా చూసుకుంటే చాలావరకు చాలు.

ఫొటోలో కనిపించనివి మూడు అడగాలి. గోడకు లోపల కూడా అదే చోట పగులు ఉందా? దగ్గరి తలుపు ఈమధ్య పట్టేస్తోందా? పగులు మీద వేలితో అడ్డంగా రాస్తే ఒక అంచు ఎత్తుగా తగులుతోందా? ఆదోని ఇంటివాళ్లు మొదటి రెంటికీ అవునన్నారు. 4 మి.మీ. అయినా ఇంజనీర్‌ను పిలవాల్సిన కేసే ఇది. అంచు ఎత్తు కూడా తేలి ఉంటే ఆ గది ఖాళీ చేసి పిలవమనేవాణ్ణి. పిల్లర్ల మీద, బీముల మీద పగులు నుంచి తుప్పు మరక కారితే ఈ కొలతలేమీ వద్దు, వెంటనే పిలవడమే.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ ఇంట్లో ఏదైనా పగులుకు రెండు వైపులా పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరం, తేదీ గోడ మీదే రాయండి. పగులు కొసకు కూడా ఒక గీత గీయండి. నెల తర్వాత అదే ఎత్తు నుంచి, అదే కార్డుతో మళ్లీ ఫొటో తీయండి. ఈ రెండు ఫొటోల తేడా ఎలా చదవాలో అప్పుడు చూద్దాం.