మోటార్ లోపలి వేడి ఓమ్స్‌లో దొరికింది

మోటార్ బాడీ ముట్టుకుంటే మామూలు వేడే, కానీ వార్నిష్ వాసన వస్తోంది. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున 30 డిగ్రీల దగ్గర రాగి వైండింగ్ రెసిస్టెన్స్ కొలిస్తే 4.00 ఓమ్స్. మూడు గంటలు లోడ్‌లో నడిపి ఆపాక, టీ తాగొచ్చి కొలిచాను: 4.60. అదే నా పొరపాటు, ఈలోగా రాగి చల్లారిపోయింది. మళ్లీ నడిపి, ఆపగానే సప్లై తీసేసి, అర నిమిషానికోసారి రీడింగ్ రాసుకుని, గ్రాఫ్ గీతను ఆపిన క్షణం దాకా వెనక్కి పొడిగిస్తే 5.00 తేలింది. రాగి వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి, పొద్దుటి రెసిస్టెన్స్ R1, అప్పటి వేడి T1, ఆపిన క్షణపు రెసిస్టెన్స్ R2, రాగికి వాడే స్థిరాంకం 234.5 పెడితే వైండింగ్ వేడి T2 వస్తుంది:

```
T2 = (R2/R1) × (234.5 + T1) − 234.5
   = 1.25 × 264.5 − 234.5 ≈ 96
```

గది అప్పుడూ 30 డిగ్రీలే, అంటే పెరుగుదల 66. అదీ సగటే, లోపల ఇంకా వేడిగా ఉండే చోట్లుంటాయి. ఫ్యాన్ కవర్ విప్పితే జాలీ నిండా దుమ్ము! దులిపి నడిపాక 4.72 వచ్చింది, పెరుగుదల 48కి దిగింది.