పోష్ శిక్షణ గడువు డిసెంబర్ 20: పూర్తి చేయడం ఎలా, గడువు పెంపు కోరడం ఎలా

అందరికీ నమస్కారం.

మన టీమ్‌లో 42 మందికి గాను 11 మంది పోష్ శిక్షణ ఇంకా పెండింగ్‌లో ఉంది. వీరిలో కొందరు వీడియోలన్నీ చూసేశారు, అయినా పోర్టల్‌లో `In Progress` అనే కనిపిస్తోంది. పని స్థలంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన పోష్ చట్టం ఉద్యోగులకు అవగాహన కార్యక్రమాలు జరపాలని యాజమాన్యాన్ని ఆదేశిస్తుంది. ఎన్ని జరిపామో అంతర్గత కమిటీ తన వార్షిక నివేదికలో రాయాలి. అది క్యాలెండర్ సంవత్సరం లెక్క. గడువు డిసెంబర్‌లో పెట్టింది అందుకే.

కోర్సును ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే తెరవండి. అది వేరే కిటికీలో తెరుచుకుంటుంది కాబట్టి ముందుగా పాప్-అప్‌లను అనుమతించండి. చివరి స్లయిడ్ అయ్యాక ఆ కిటికీని మూలనున్న గుర్తు నొక్కి మూసేయకండి. కోర్సు లోపలి `Exit` నొక్కితేనే మీరు పూర్తి చేసిన సమాచారం పోర్టల్‌కు చేరుతుంది. పెండింగ్ పడుతున్నది ఎక్కువగా ఇక్కడే. అలా ఆగిపోయినవారు మొదటినుంచి చూడక్కర్లేదు. కోర్సు మళ్లీ తెరిచి చివరి స్లయిడ్‌కు వెళ్లి `Exit` నొక్కండి. అప్పటికీ మారకపోతే ఆ స్క్రీన్ ఫొటోతో హెల్ప్‌డెస్క్‌కు టికెట్ పెట్టండి.

తర్వాత క్విజ్. ఉత్తీర్ణతకు 80 శాతం రావాలి, మూడు అవకాశాలుంటాయి. ఎక్కువమంది తప్పుతున్నది క్యాబ్ ప్రశ్న. ఆఫీసు ఏర్పాటు చేసిన క్యాబ్‌లో రాత్రి ఇంటికి వెళ్తుండగా జరిగిన వేధింపు చట్టం ప్రకారం పని స్థలంలో జరిగినట్టే. ఫిర్యాదు చివరి ఘటన నుంచి 3 నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల దాకా పొడిగించగలదు.

సెలవులో ఉన్నవారు, క్లయింట్ సైట్‌లో మన పోర్టల్ తెరుచుకోనివారు గడువు పెంపు కోరవచ్చు. ఉద్యోగి సంఖ్య, కారణం, ఏ తేదీకి పూర్తి చేస్తారో రాసి డిసెంబర్ 15లోగా నాకు మెయిల్ చేయండి. పని ఒత్తిడి అని మాత్రమే రాస్తే హెచ్‌ఆర్ ఒప్పుకోదు. అలాంటివారు ఏ రోజు వీలో చెప్పండి, ఆ రోజు గంటన్నర మీ పని ఇంకొకరికి అప్పగిస్తాను. ప్రసూతి సెలవులో ఉన్నవారు దరఖాస్తు చేయనక్కర్లేదు, తిరిగి వచ్చాక 30 రోజులు ఉంటుంది.

పెంపు లేకుండా 20 దాటితే 21 ఉదయం నుంచి ప్రాజెక్టు సర్వర్లలోకి లాగిన్ ఆగిపోతుంది. పూర్తి చేశాక అది తిరిగి రావడానికి ఒక పనిదినం పడుతుంది. జనవరి సమీక్షలో కూడా ఇది నమోదవుతుంది. ఆ నమోదును తీసేసే అధికారం నాకు లేదు.

వీడియోల్లోని సన్నివేశాలు చూడటం ఎవరికైనా కష్టంగా ఉంటే కారణం చెప్పకుండానే కమిటీ సభ్యురాలితో నేరుగా కూర్చుని శిక్షణ పూర్తి చేయవచ్చు. అందుకు మెయిల్ కమిటీకే పంపండి, నన్ను అందులో చేర్చనక్కర్లేదు. ఫిర్యాదు ఇవ్వాలనుకునేవారికి ఈ శిక్షణ పూర్తయి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు.